డిస్క్రిప్షన్ చదివి ఎపిథీలియం కనుక్కోమన్నారు, 4 ప్రశ్నల్లో 3 పోయాయి. ఎక్కడ తప్పానో చెప్పరూ

గోరింటాకు22 · శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్తే అండి, ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్ నేను. మొన్న ఇంటర్నల్‌లో హిస్టాలజీకి బొమ్మా లేదు స్లైడూ లేదు, వట్టి నాలుగు ముక్కల డిస్క్రిప్షన్ ఇచ్చి ఇది ఏ ఎపిథీలియం, ఏ అవయవం, అక్కడ దానికేం పని అని మూడూ రాయమన్నారు. నేనేమో పేర్లూ లొకేషన్లూ టేబుల్ వేసుకుని బట్టీ కొట్టి వెళ్ళా, తీరా చదువుతుంటే అన్నీ ట్రేకియాలాగే కనిపించాయి. గుర్తున్నంతవరకు పెడుతున్నా.

1) కణాలు 5, 6 వరసలు. అడుగువి చిన్నవి, పైవి పెద్దవి, గుమ్మటాల్లా లూమెన్‌లోకి ఉబ్బి ఉన్నాయి, కొన్నిటికి రెండేసి న్యూక్లియస్‌లు. నేను రాసింది: స్యూడోస్ట్రాటిఫైడ్, ట్రేకియా.

2) న్యూక్లియస్‌లు రకరకాల ఎత్తుల్లో ఉన్నాయి కానీ కణాలన్నీ బేస్‌మెంట్ మెంబ్రేన్‌కి ఆనుకునే ఉన్నాయి. పైన పొడవాటి పోగులు, చివర్లు ఒకదానికొకటి అతుక్కుని. గాబ్లెట్ సెల్స్ లేవు. ట్యూబు చుట్టూ పల్చగా స్మూత్ మజిల్. ఇదీ ట్రేకియానే అని రాశా, పని దగ్గర "దుమ్ముని పైకి తోస్తుంది" అని.

3) చాలా వరసలు, అడుగు వరస కాస్త పొడుగు కణాలు, పైకొచ్చేకొద్దీ చదును, అన్నిటికంటే పై వరసలో కూడా న్యూక్లియస్‌లు ఉన్నాయి. ఈసోఫేగస్ అని రాశా. ఇదొక్కటే రైటు.

4) ఒకటే వరస పొడవాటి కణాలు, న్యూక్లియస్‌లు అడుగున ఒక లైన్లో, గాబ్లెట్ సెల్స్ లేవు, మ్యూకోసా అంతా మడతలు. స్టమక్ అని రాశా. కీలో గాల్ బ్లాడర్ అని ఉంది.

ఒకటీ రెండూ ఎందుకు ట్రేకియా కాదో సార్‌ని అడిగితే "చదువుకో అమ్మా" అన్నారు. అదే కదా చేశాను.

ఫిజియో_రాజు · 10:58

సింపుల్ అండి. ఎన్ని వరసలున్నాయో లెక్క పెట్టుకోండి అంతే, ఒకటుంటే సింపుల్, ఎక్కువుంటే స్ట్రాటిఫైడ్. ఇంక మూడో ప్రశ్నకి మీకు మార్కు ఇచ్చారు గానీ నాకైతే డౌటే, అడుగు వరస పొడుగు కణాలు అని వాళ్ళే ఇచ్చారు కదా అంటే కొలమ్నార్, అప్పుడు అది స్ట్రాటిఫైడ్ కొలమ్నార్ అవ్వాలి. కీ తప్పేమో.

ఓరుగల్లు_పోరడు · 11:05

అన్నా ఆగు, ఆమెకు వచ్చిన ఆ ఒక్క మార్కు కూడా గుంజుకునేటట్టున్నవ్ 😂

పాథాలజీ_అక్క · 11:31

రాజు గారూ, వరసలు లెక్కపెట్టడం వరకు ఓకే కానీ పేరు పెట్టేది అడుగు వరసని చూసి కాదండి, పైనున్న వరసని చూసి. చర్మం తీసుకోండి, దాని అడుగు కణాలు కూడా గుండ్రంగానో పొడుగ్గానో ఉంటాయి, అయినా దాన్ని అందరూ స్క్వేమస్ అనే అంటారు. అడుగున కొత్త కణాలు పుడుతుంటాయి, అక్కడ చదునుగా ఉండే వీలుండదు, పైకి తోసుకొస్తూ చదునవుతాయి. అందుకే దాదాపు ఏ స్ట్రాటిఫైడ్ తీసుకున్నా అడుగు వరస ఒకలాగే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఏదీ తేల్చలేం. కీ కరెక్టే.

మూడో ప్రశ్నలో అసలు కీలకం "పై వరసలో కూడా న్యూక్లియస్‌లు" అన్న ముక్క. ఆ ఒక్క ముక్కతో చర్మం పోయింది, చర్మంలో పైనుండేది న్యూక్లియస్ లేని చచ్చిన పొర. ఈసోఫేగస్‌లో ముద్ద దిగేటప్పుడు రాపిడి ఉంటుంది కానీ ఎండిపోయే ప్రమాదం లేదు, తడిగానే ఉంటుంది కదా, అందుకని కెరటిన్ పెంకు అక్కర్లేదు. పని రాయమంటే ఇది రాయాలి. "ప్రొటెక్షన్" అని ఒక్క మాట రాస్తే నేనైతే సగమే వేస్తాను. ఎందుకంటే ప్రతి ఎపిథీలియమూ ప్రొటెక్షనే.

ఒకటీ రెండూ డ్యూటీ అయ్యాక రాస్తా, ఫ్రోజెన్ వచ్చింది.

గుంటూరు_గృహిణి · 11:44

అమ్మా మీరంతా డాక్టర్లలా ఉన్నారు, మా అత్తయ్య గారికి యూరిన్ టెస్టు చేయిస్తే ఎపిథీలియల్ సెల్స్ 8-10 అని వచ్చింది, పక్కన నార్మల్ 0-5 అని ఉంది. మీరు పైన చెప్పే ఎపిథీలియమేనా ఇది? అంటే లోపల పొర ఊడిపోతోందా? ఆవిడ రాత్రి నుంచీ అన్నం తినట్లేదు భయంతో. దీనికి ఏ అవయవం అని రాయాలి?

ఓరుగల్లు_పోరడు · 11:47

అమ్మా ఇది ఎగ్జామ్ క్వశ్చన్ల త్రెడ్డు...

మైక్రోటోమ్_మావయ్య · ఆదివారం ఉదయం 5:50

పోరడూ, ఆవిడ కంగారులో అడిగారు, పోనీలే. నేను మెడికల్ కాలేజీ అనాటమీ డిపార్ట్‌మెంట్లో హిస్టాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను, డాక్టర్ని కాను, ముందే చెప్తున్నా.

అమ్మా గుంటూరు గారూ, యూరిన్‌లో కనిపించే ఆ కణాలు ఎక్కువసార్లు మూత్రం బయటికొచ్చే దారి చివర్న, ఆ చుట్టుపక్కల చర్మం లాంటి పొర మీంచి రాలినవే అయ్యుంటాయి, పెద్దగా చదునుగా అప్పడం ముక్కల్లా కనపడతాయి. మొదట వచ్చే ధార పట్టినా, కడుక్కోకుండా పట్టినా సంఖ్య పెరుగుతుంది. కింద చీము కణాలు, రక్త కణాలు ఎంతున్నాయో ఆ లైన్లు చూపించి మీ డాక్టర్‌నే అడగండి, మధ్య ధార పట్టి మళ్ళీ చేయిద్దామా అని కూడా అడగండి. ఆవిడని అన్నం తినమనండి.

ఇంక గోరింటాకు తల్లీ, నీ సంగతి. నువ్వు ఒకటో ప్రశ్నకి ట్రేకియా ఎందుకు రాశావో నాకు తెలుసు, "న్యూక్లియస్‌లు చాలా ఎత్తుల్లో కనిపిస్తే స్యూడో" అని నేర్చుకుని ఉంటావు. అది సగం మాటే. పిల్లలందరికీ ఒకటే చెప్పేవాణ్ణి, అడుగు నుంచి లెక్కపెట్టుకుంటూ రావద్దు, లూమెన్ వైపు నుంచి కిందికి దిగమని. అంటే ముందు 40లో పెట్టి పై అంచు దొరికించుకో, అక్కణ్ణుంచి ఒక వేలెడు కిందికి చూడు, అక్కడ న్యూక్లియస్‌లు ఉన్నాయా లేక ఖాళీగా గులాబీ రంగు పట్టీ ఉందా?

ట్రేకియాలో పైన ఖాళీ పట్టీ ఉంటుంది. న్యూక్లియస్‌లన్నీ కింద రెండు వంతుల్లో కిక్కిరిసి ఉంటాయి, పై వంతు ఖాళీ. ఎందుకంటే లూమెన్ దాకా వచ్చేవి పొడవాటి కణాలొక్కటే, వాటి న్యూక్లియస్ నడుం దగ్గరుంటుంది, పొట్టి కణాలు పైదాకా రానే రావు. జాతరలో జనం నించున్నట్టు అనుకో, అందరి కాళ్ళూ నేలమీదే, పిల్లల తలలు కింద, పెద్దల తలలు పైన, దూరం నుంచి చూస్తే మూడు నాలుగు వరసల తలకాయల్లా కనిపిస్తాయి.

నీ ఒకటో ప్రశ్నలో అలా కాదు. పైన ఉబ్బిన పెద్ద కణం, దాంట్లోనే న్యూక్లియస్, అది కూడా ఒక్కోసారి రెండు. అంటే న్యూక్లియస్‌లు లూమెన్ అంచు దాకా వచ్చేశాయి, ఖాళీ పట్టీ లేదు. అది యూరినరీ బ్లాడర్, ట్రాన్సిషనల్. యూరెటర్ అని రాసినా అదే ఎపిథీలియం, కానీ యూరెటర్ స్లైడైతే లూమెన్ నక్షత్రంలా నలిగి ఉంటుంది, ఆ మాట ప్రశ్నలో లేదంటే బ్లాడర్ రాయడం సేఫ్.

గోరింటాకు22 · 7:15

మావయ్య గారూ ఈ ఖాళీ పట్టీ సంగతి మా నోట్స్‌లో ఎక్కడా లేదు!! ఇప్పుడే పాత స్లైడ్ ఫొటోలు తీసి చూశా, ట్రేకియా ఫొటోలో నిజంగానే పైన ఒక గులాబీ గీతలా ఉంది, దాని మీద సిలియా. బ్లాడర్‌లో అలా లేదు. కానీ నాకో డౌటు. పైన ఉబ్బినవి అని ఇవ్వకుండా వేరే ప్రశ్నలో "2, 3 వరసలు, పైవి చదునుగా" అని ఇచ్చి ఆన్సరు బ్లాడర్ అన్నారు, అప్పుడెలా?

ఫిజియో_రాజు · 7:40

అది మూత్రం నిండినప్పుడు అండి. సాగినప్పుడు వరసలు తగ్గిపోతాయి, కొన్ని కణాలు రాలిపోతాయి అనుకుంటా.

పాథాలజీ_అక్క · 9:20

మొదటి ముక్క రైటు రాజు గారూ, రెండోది కాదు. కణాలు రాలిపోవు, ఎక్కడివక్కడే ఉంటాయి కానీ ఒకదాని పక్కకొకటి జారి, చదునై సర్దుకుంటాయి. రోజుకి ఐదారుసార్లు నిండి ఖాళీ అయ్యే సంచిలో నిండినప్పుడల్లా కణాలు రాలుతుంటే ఇంకేం మిగులుతుంది?

దాని పై పొర కణం చాలా సరదా కణం. దాన్ని అంబ్రెల్లా సెల్ అంటారు, ఒక్కటే కింద నాలుగైదు కణాల మీద గొడుగులా పరుచుకుంటుంది. బ్లాడర్ ఖాళీగా ఉన్నప్పుడు దాని పై మెంబ్రేన్ అదనపు ముక్క లోపలికి ముడుచుకుని చిన్న చిన్న సంచుల్లా దాక్కుంటుంది, చీర కుచ్చిళ్ళు లోపలికి దోపుకున్నట్టు. నిండుతుంటే ఆ కుచ్చిళ్ళు విప్పుకుని పైకొచ్చి కలుస్తాయి, కణం చిరగకుండా వెడల్పవుతుంది. ఆ మెంబ్రేన్‌లో యూరోప్లాకిన్ అనే ప్రోటీన్ల పలకలు ఉంటాయి, పక్క పక్క కణాల మధ్య టైట్ జంక్షన్లు. మూత్రం రక్తంకన్నా బాగా చిక్కగా ఉండొచ్చు, గోడ కారేదైతే నీళ్ళు మూత్రంలోకి లాక్కుపోతాయి, యూరియా మళ్ళీ ఒంట్లోకి వెళ్తుంది, కిడ్నీ పడ్డ కష్టమంతా వృధా. కాబట్టి ఫంక్షన్ అడిగితే "సాగుతుంది" ఒక్కటి రాస్తే చాలదు, "సాగుతూ కూడా కారదు" అని రెండూ రాయాలి గోరింటాకు.

నీ చదును కణాల ప్రశ్నకి: నిండిన బ్లాడర్ చూసి స్క్వేమస్ అనుకునే ప్రమాదం నిజమే. వరసలు చూడు. ఈసోఫేగస్ అయితే చాలా మందం, పది పదిహేను వరసలకి తక్కువుండదు. బ్లాడర్ ఎంత సాగినా పై కణాలు ఎక్కడో ఓ చోట పెద్దవిగా, రెండు న్యూక్లియస్‌లతో దొరుకుతాయి. డిస్క్రిప్షన్లో అది లేకపోతే ప్రశ్న రాసినవాళ్ళదే తప్పు.

జువాలజీ_మాస్టారు · 10:05

నేను తెలుగు మీడియం ఇంటర్ పిల్లలకి చెప్తాను, మా దగ్గర స్యూడోస్ట్రాటిఫైడ్‌ని మిథ్యాస్తరిత ఉపకళ అంటాం, పేరులోనే "ఇది వరసలు కాదు, వరసల్లా కనపడుతుంది" అని ఉంది, ఇంగ్లీషు పేరు బట్టీ పట్టేవాళ్ళు ఆ అర్థం మిస్ అవుతారని నా అనుమానం. కానీ ఒక అభ్యంతరం. ట్రాన్సిషనల్‌ని మీరు ధైర్యంగా స్ట్రాటిఫైడ్ అంటున్నారు, అంబ్రెల్లా కణాలకి కూడా సన్నటి కాడలు ఉండి కింద బేస్‌మెంట్ మెంబ్రేన్ దాకా వెళ్తాయని నేను చదువుకున్నా. అలాగైతే అదీ మిథ్యాస్తరితమే అవుతుంది కదా, పాపం ఈ అమ్మాయి రాసింది సగం రైటే.

పాథాలజీ_అక్క · 10:22

మాస్టారూ ఆ వాదన ఉంది, కాదనను, కొంతమంది అలాగే రాశారు, ఇంకొంతమంది ఆ కాడలు మాకు కనపడలేదన్నారు. మామూలు మైక్రోస్కోపులో అయితే తేలేది కాదు. కానీ పరీక్ష వరకు ఆ వాదన పట్టుకెళ్ళి "సార్ ఇది స్యూడో" అంటే మార్కు రాదు. ఒకవేళ స్యూడో అనుకున్నా ఆమె రాసింది ట్రేకియా అని, బ్లాడర్‌లో సిలియా ఎక్కణ్ణుంచి తెస్తాం?

జువాలజీ_మాస్టారు · 10:30

మార్కు సంగతి కాదు నేనంటున్నది, సరే.

ఓరుగల్లు_పోరడు · 11:10

నాకు రెండోదాని మీద చెప్పున్రి. నేను గూడా అదే కాలేజ్ కాకపోయినా గదే క్వశ్చన్ చేసిన, నాకు గూడా ట్రేకియా అనే వచ్చింది. పైన పోగులున్నయి అంటే సిలియా కాదా? ఖాళీ పట్టీ రూల్ పెట్టినా గూడ ఇది స్యూడోనే గదా, మరి ట్రేకియా కాకుంటే ఏంది?

మైక్రోటోమ్_మావయ్య · 12:40

మంచి ప్రశ్న, ఎపిథీలియం పేరు దాకా ఇద్దరూ కరెక్టే రాశారు, తప్పింది అవయవం దగ్గర. ఇది ఎపిడిడిమిస్.

మూడు విషయాలు చూడాలి. ఒకటి ఆ పోగులు. సిలియా అయితే కత్తిరించిన బ్రష్‌లా పొట్టిగా సమానంగా ఉంటాయి, వాటి మొదట్లో కణం పై అంచున ఒక సన్నటి ముదురు గీత కనపడుతుంది, ప్రతి సిలియాకి కింద ఉండే మొదలు చుక్కలన్నీ కలిసి గీతలా తోస్తాయన్నమాట. ఎపిడిడిమిస్‌లోవి స్టీరియోసిలియా, పొడుగ్గా, నూనె రాసుకోని జుట్టులా చివర్లు అతుక్కుని కుచ్చులు కుచ్చులుగా ఉంటాయి, ఆ ముదురు గీత ఉండదు. మీ ప్రశ్నలో "చివర్లు ఒకదానికొకటి అతుక్కుని" అన్నారు చూడు, అక్కడే చెప్పేశారు.

రెండు, గాబ్లెట్ సెల్స్ లేకపోవడం. ట్రేకియాలో జిగురు ఉంటేనే సిలియా తోయడానికి పని ఉంటుంది, జిగురు లేని ట్రేకియా అంటే బకెట్ లేని బావి. స్లైడులో గాబ్లెట్ అయితే తెల్లగా ఖాళీ గ్లాసులా కనపడుతుంది, మామూలు హెచ్ అండ్ ఈ లో మ్యూసిన్‌కి రంగు పెద్దగా పట్టదు కాబట్టి. మేము పిల్లలకి నమ్మకం కలగడానికి పీఏఎస్ వేసి కూడా చూపించేవాళ్ళం, అప్పుడు ఆ గ్లాసులు గులాబీ పువ్వు రంగులో నిండుతాయి.

మూడు, చుట్టూ ఏముంది. ట్రేకియా చుట్టూ కార్టిలేజ్ ఉంటుంది. ఇక్కడ పల్చటి స్మూత్ మజిల్. ఎపిడిడిమిస్ అనేది మీటర్ల కొద్దీ పొడవున్న ఒకే ఒక గొట్టం మడతలు పడి ఉంటుంది, దాన్ని కోస్తే స్లైడ్ మీద జంతికల గొట్టంలోంచి వచ్చిన చుట్ట కోసినట్టు గుండ్రాలు గుండ్రాలుగా పక్క పక్కనే బోలెడు కనపడతాయి. ట్రేకియా ఎప్పుడూ ఒకటే పెద్ద గొట్టం. ఈ తేడా 4లోనే తెలిసిపోతుంది, 40 దాకా వెళ్ళక్కర్లేదు.

ఓరుగల్లు_పోరడు · 12:52

మరి స్టీరియోసిలియా ఏం చేస్తయ్, స్పెర్మ్‌ని ముందుకి తోస్తయా?

ఫిజియో_రాజు · 12:58

అవును తోస్తాయి, సిలియా అనే కదా పేరు.

పాథాలజీ_అక్క · 1:25

ఆ పేరే అందరినీ ముంచుతోంది. అవి సిలియా కావు, బాగా పొడుగు పెరిగిన మైక్రోవిల్లై. లోపల ఆక్టిన్ ఉంటుంది, సిలియాలో ఉండే మైక్రోట్యూబుల్స్ ఉండవు, అంటే కదిలే యంత్రమే లేదు. వాటి పని పీల్చుకోవడం. టెస్టిస్ నుంచి వచ్చే ద్రవంలో చాలా భాగాన్ని అక్కడే లాగేస్తాయి, ఏరియా పెరగడం కోసం అంత పొడుగు. స్పెర్మ్ ముందుకి వెళ్ళేది చుట్టూ ఉన్న స్మూత్ మజిల్ వల్ల, అందుకే ప్రశ్నలో మజిల్ సంగతి ఇచ్చారు. గోరింటాకు "దుమ్ముని తోస్తుంది" అని రాసింది కదా, అవయవం తప్పైతే పని కూడా దానంతటదే తప్పైపోయింది, మూడు మార్కుల ప్రశ్నలో రెండు పోయాయి.

పైగా ఒకటే ఎపిథీలియం పేరు రెండు చోట్ల, పని మాత్రం పూర్తిగా ఉల్టా. ఒకచోట బయటికి తోయాలి, ఇంకోచోట లోపలికి పీల్చాలి. అందుకే పేరు, అవయవం టేబుల్ బట్టీ కొడితే లాభం లేదు, పైన ఏముందో ముందు చూడాలి.

గోరింటాకు22 · 2:10

అక్కా అర్థమైంది, చాలా థాంక్స్. నాలుగోది మాత్రం నాకు ఇంకా కోపంగానే ఉంది. స్టమక్‌లో కూడా ఒకటే వరస పొడవాటి కణాలు, గాబ్లెట్ ఉండవు, మడతలుంటాయి. గాల్ బ్లాడర్‌లో కూడా అంతే. ఏం చూసి చెప్పాలి?

ఫిజియో_రాజు · 2:20

ఒకటే వరస ఖచ్చితంగానా? నేను ఒకసారి గట్ స్లైడ్ చూశా, మూడు నాలుగు వరసలు కనిపించాయి, మా సార్ మాత్రం సింపుల్ కొలమ్నార్ అన్నారు. అప్పట్నుంచి ఈ సబ్జెక్ట్ మీద నమ్మకం పోయింది.

మైక్రోటోమ్_మావయ్య · 3:30

రాజు గారూ, ఆ స్లైడ్ ఎవరు కోశారో గానీ, నేను కూడా ఒకసారి అదే తప్పు చేశాను. ఒక జెజునం ముక్కని పారాఫిన్‌లో ఎంబెడ్ చేసేటప్పుడు నిలబెట్టాల్సింది, చేతిలో ఫోర్సెప్స్ జారి పక్కకి వాలింది, అప్పటికే మైనం గడ్డకట్టేస్తోంది, సర్లే అని వదిలేశా. మర్నాడు 5 మైక్రాన్ల మందంతో కోసి, రంగులేసి, యాభై స్లైడ్లు బాక్సులో పెట్టేశా. ప్రాక్టికల్లో పిల్లలందరూ స్ట్రాటిఫైడ్ అని రాశారు, మేడమ్ గారు మైక్రోస్కోపులో చూసి నన్ను పిలిచి ఏమీ అనలేదు, కళ్ళద్దాల మీంచి ఒక చూపు చూశారు అంతే.

అసలు సంగతేంటంటే పొడవాటి కణాల్ని నిలువునా కోస్తే ఒకే వరస న్యూక్లియస్‌లు కనపడతాయి. ఏటవాలుగా కోశావనుకో, ఒక కణానికి న్యూక్లియస్ దగ్గర కోత పడుతుంది, పక్కదానికి దాని పైన, ఇంకోదానికి కింద, అవన్నీ ఒక్కచోట చేరి వరసలు వరసలుగా కనపడతాయి. అరటి దవ్వని అడ్డంగా కాకుండా వాల్చి కోస్తే ముక్క కోలగా సాగిపోయినట్టు వస్తుంది చూడు, అలాగే.

దీన్ని పట్టుకోవడానికి ఒక మార్గం, ఆ చోటే చూస్తూ కూర్చోకు, స్లైడ్ మెల్లగా జరుపుకుంటూ వెళ్ళు. అదే విల్లస్ ఇంకోవైపు ఎక్కడో ఓ చోట నిలువు కోత దొరుకుతుంది, అక్కడ ఒకే లైను ఉంటే అది సింపులే. ఇంకోటి, ఏటవాలు కోతలో కణాల అంచులు తేనెపట్టు గదుల్లా గుండ్రంగా కనపడతాయి. నిజమైన స్ట్రాటిఫైడ్ అయితే స్లైడంతా తిరిగినా వరసలు అలాగే ఉంటాయి.

పాథాలజీ_అక్క · 5:05

గోరింటాకు, నాలుగోదానికి నిజం చెప్తా, ఆ నాలుగు ముక్కలతో రెండిటినీ విడదీయలేం. మీ సార్ మనసులో గాల్ బ్లాడర్ స్లైడ్ ఉండి రాసి ఉంటారు. స్టమక్ అయితే పై కణాలు కిందికి గుంటల్లోకి దిగుతాయి, ఆ గుంటల అడుగున గ్రంథులు గుంపులు గుంపులుగా ఉంటాయి, కణాల పైభాగం అంతా మ్యూకస్‌తో తెల్లగా నురుగులా ఉంటుంది. గాల్ బ్లాడర్‌లో గ్రంథుల గుంపులుండవు, కణం పైభాగం గులాబీగానే ఉంటుంది, మ్యూకోసా కింద మస్క్యులారిస్ మ్యూకోసే ఉండదు, సబ్‌మ్యూకోసా ఉండదు. ఈ మూడిట్లో ఒక్క ముక్క ఇచ్చినా సరిపోయేది. కీ మార్చమని అడుగు, మర్యాదగా.

పని మాత్రం రెండిటిదీ వేరు. స్టమక్ పై కణాలది తన యాసిడ్ నుంచి తనని కాపాడుకునే జిగట. గాల్ బ్లాడర్ కణాలది నీళ్ళూ ఉప్పూ లాగేసి పైత్యరసాన్ని చిక్కబరచడం.

జువాలజీ_మాస్టారు · 5:40

ఒప్పుకోను. "మడతలు" అన్న మాట చాలు. గాల్ బ్లాడర్ మడతలు సన్నగా, కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి, అది ప్రత్యేకమైనది. స్టమక్‌వి రుగే, పెద్ద మడతలు.

పాథాలజీ_అక్క · 5:52

మాస్టారూ, "మడతలు" అన్నారు కానీ సన్నవా పెద్దవా అనలేదు కదా. ఏ మడత అన్నది మీరు ఊహిస్తున్నారు, ఆమె ఇంకోటి ఊహించింది.

జువాలజీ_మాస్టారు · 6:01

పరీక్ష రాసేవాళ్ళకి ఆ మాత్రం ఊహ ఉండాలని నా ఉద్దేశం.

గుంటూరు_గృహిణి · సోమవారం ఉదయం 8:15

మావయ్య గారికి నమస్కారం. మా డాక్టరు గారు కూడా మీరన్నట్టే మధ్య ధార పట్టి మళ్ళీ ఇమ్మన్నారు. అత్తయ్య గారు ఇడ్లీ తిన్నారు. మీ స్లైడ్ల కబుర్లన్నీ చదివాను, అర్థం కాలేదు గానీ అరటి దవ్వ ముక్క మాత్రం బాగా అర్థమైంది.

గోరింటాకు22 · రాత్రి 9:30

అప్‌డేట్. సార్‌ని కలిశా, నాలుగోదానికి గ్రంథుల సంగతి ప్రశ్నలో లేదు సార్ అని చెప్తే కాసేపు పేపర్ చూసి "స్టమక్ రాసినవాళ్ళకి అర మార్కు" అన్నారు. క్లాసులో పదకొండు మందికి వచ్చింది, నన్ను చూసి నవ్వుతున్నారు అందరూ.

ఇంకోటి. రెండోదానికి మా ఫ్రెండ్ వాస్ డిఫరెన్స్ అని రాసింది, దానికి సున్నా వేశారు. దాంట్లోనూ స్యూడోనే, స్టీరియోసిలియా ఉంటాయి కదా, మరి దానికి ఎందుకు పోయింది అని ఏడుస్తోంది.

ఓరుగల్లు_పోరడు · 9:41

మళ్ళా మొదలైంది 😂

మైక్రోటోమ్_మావయ్య · 10:02

పోగొట్టుకోవాల్సిన ఆన్సరేమీ కాదది, ఎపిథీలియం దాదాపు అలాగే ఉంటుంది, పోగులు మాత్రం తక్కువ. కానీ ప్రశ్నలో "పల్చగా స్మూత్ మజిల్" అన్నారు. వాస్‌లో మజిల్ మూడు పొరలు, గోడ ఎంత మందమంటే స్లైడ్‌లో లూమెన్ సూది బెజ్జంలా మిగులుతుంది, బయటినుంచి చేత్తో పట్టుకుంటే గట్టి తాడులా తగిలేది అందుకే. మీ ఫ్రెండ్‌ని ఏడవొద్దను, మీ ల్యాబ్‌లో రెండు స్లైడ్లూ పక్క పక్కన పెట్టి 4లో చూసి ఫొటోలు పెట్టమను. ఏది ఏదో రాయకుండా పెట్టమను, రాజు గారు చెప్తారు ముందు.